సెప్టిక్ ట్యాంక్ ఉన్న ఇంట్లో టాయిలెట్ పేపర్, ఫేషియల్ టిష్యూ, కిచెన్ రోల్: ఏళ్లుగా వాడి చెప్తున్నది

మేముండేది అట్లాంటాకి ఉత్తరాన, ఫోర్సైత్ కౌంటీలో. మనవాళ్లు బాగా ఉన్న చోటే, కానీ చాలా ఇళ్లకు ఊరి మురుగు లైన్ ఉండదు, పెరట్లో గడ్డి కింద సెప్టిక్ ట్యాంకే. అపార్ట్‌మెంట్లో ఉన్నన్నాళ్లూ ఏ పేపర్ ఆఫర్‌లో ఉంటే అది కొనేవాళ్లం. ఈ ఇంటికొచ్చాకే ప్యాకెట్ల వెనక రాసినవి చదవడం మొదలైంది, చదివితే తెలిసిందేంటంటే అసలు కావాల్సిన సంగతి చాలా ప్యాకెట్ల మీద సూటిగా ఉండదు.

ఆ సంగతి, తడిస్తే ఈ పేపర్ విడిపోతుందా లేదా అన్నది. టాయిలెట్ పేపర్ విడిపోయేలా చేస్తారు. ఫేషియల్ టిష్యూలోనూ కిచెన్ రోల్‌లోనూ మాత్రం తడిసినా చిరగకుండా ఒక రెసిన్ కలుపుతారు, దాన్నే వెట్ స్ట్రెంగ్త్ రెసిన్ అంటారు. జలుబు చేసినప్పుడు టిష్యూ చేతిలో ముద్దైపోకుండా ఉండేది, కిచెన్ రోల్‌తో గట్టు తుడిచి పిండి మళ్లీ తుడవగలిగేది దానివల్లే. ట్యాంక్‌లో ఇబ్బంది పెట్టేదీ అదే. చూడటానికి మూడూ తెల్లగా మెత్తగా ఒకేలా ఉంటాయి కాబట్టి ఇంటికొచ్చిన చుట్టాలకి ఈ తేడా తట్టదు, వాళ్లని అనడానికీ లేదు.

ఇంట్లోనే చూసుకోవచ్చు. మూత ఉన్న గాజు సీసాలో సగం నీళ్లు పోసి, ఒక్కో రకం ఒక్కో ముక్క వేసి ఊపండి. ఒక్క ప్లై టాయిలెట్ పేపర్ (మేము చూసింది స్కాట్ 1000, అంటే రోల్‌కి 1000 షీట్లది) కాస్త ఊపగానే పీచుపీచుగా విడిపోయి నీళ్లు పాలరంగులోకి వచ్చేస్తాయి. రెండు ప్లైల రీసైకిల్డ్ రకం కూడా దాదాపు అంతే, కాకపోతే ముందు రెండు పొరలూ ఊడి, ఆ తర్వాత ముక్కలవుతుంది. బాగా మెత్తగా దిండులా ఉబ్బెత్తు డిజైన్లు ఉండే మూడు ప్లైల రకం కాసేపటిదాకా పట్టీలు పట్టీలుగా వేలాడుతూ ఉంటుంది, చివరికి విడిపోతుంది. ఫేషియల్ టిష్యూ మర్నాడు పొద్దున చూసినా టిష్యూలాగే ఉంటుంది. కిచెన్ రోల్ ముక్కని సీసాలోంచి తీసి, పిండి, ఆరేస్తే మళ్లీ వాడుకోవచ్చు, నిజంగానే.

ఈ పరీక్ష ఎందుకంటే, ట్యాంక్‌లో జరిగేది అదే కాబట్టి. లోపలికి వచ్చినదాంట్లో బరువైనది కిందకి దిగి మడ్డి అవుతుంది, నూనె, జిడ్డు పైన తెట్టు కడతాయి, మధ్యనున్న నీళ్లు మాత్రం బయటి పైపులోంచి డ్రెయిన్ ఫీల్డ్‌కి వెళ్లి మట్టిలో ఇంకాలి. పీచుగా విడిపోయిన పేపర్ మడ్డిలోకి దిగి నెమ్మదిగా కుళ్లుతుంది. విడిపోనిది ట్యాంక్ మొదట్లోనే పైపు దగ్గర చిక్కుకుంటుంది, లేదా తేలుతూ వెళ్లి బయటికెళ్లే పైపుకున్న ఫిల్టర్‌కి అతుక్కుంటుంది. కమోడ్లో నీళ్లు నెమ్మదిగా దిగడం, కింది అంతస్తు షవర్ డ్రెయిన్లో గుడగుడ శబ్దం రావడం, ఇవి రెండూ ఒకేసారి మొదలైతే అడ్డు ట్యాంక్ వైపే ఉందని అనుమానించాలి. ఒక్క కమోడే ఇబ్బంది పెడుతుంటే అది ఆ ఒక్క పైపు సంగతే.

మా ఇంట్లో ఒక వేసవి ఇలాగే అయింది. ఇంటినిండా చుట్టాలు, పైన బాత్రూంలో రోల్ అయిపోతే ఎవరో కిచెన్ రోల్ పెట్టారు, మిగతావాళ్లు అదే వాడేశారు. ట్యాంక్ ఖాళీ చేసే అతను మూత తీసి ఫిల్టర్ బయటికి లాగితే బూడిదరంగు దళసరి పొర దానికి చుట్టుకుని ఉంది, కిచెన్ రోల్ మీది చుక్కల డిజైన్ ఇంకా కనిపిస్తూనే ఉంది. అతను ఒక పారదర్శకమైన గొట్టం లోపలికి దింపి మడ్డి ఎంతుందో కూడా చూపించాడు. ట్యాంక్ లోతులో మడ్డి, తెట్టు కలిపి పావు వంతు దాటితే తీయించాలి, మాది అంతకి చాలా తక్కువే. అంటే ట్యాంక్ నిండలేదు, ఫిల్టరొక్కటే మూసుకుపోయింది. హోస్ పైపుతో కడిగి పెట్టేశాడు. అలా కాక ఫిల్టర్ లేని పాత ట్యాంక్ అయితే ఆ ముక్కలు డ్రెయిన్ ఫీల్డ్‌లోకి పోయేవి, అది బాగుచేయించడం వేల డాలర్ల పని.

ఇక ప్లై గురించి. ఒక్క ప్లై అయితే ట్యాంక్‌కి తక్కువ భారం అని చాలామంది అంటారు. నాకు అంత నమ్మకం లేదు. ఒక్క ప్లై పల్చగా ఉంటుంది కాబట్టి మనిషి రెట్టింపు షీట్లు చుట్టుకుంటాడు, ట్యాంక్‌లోకి పోయే పేపర్ బరువు అంతే అవుతుంది. ట్యాంక్‌కి కావాల్సింది బరువు తగ్గడం, త్వరగా విడిపోవడం. అందుకే రోల్స్ ఎన్ని, ప్లై ఎంత అని కాక, వంటింటి తూకం మీద రోల్ పెట్టి చూసి, ఆ బరువు ఎన్నాళ్లకి అవుతుందో గమనిస్తే అసలు లెక్క తెలుస్తుంది. మెగా, సూపర్ మెగా అన్న పేర్లకి అర్థం కంపెనీని బట్టి మారుతుంది.

మన ఇళ్లలో ఇంకో చిక్కుంది. మనం నీళ్లతో కడుక్కుంటాం, పేపర్ తడి అద్దుకోవడానికే. తడిస్తే వెంటనే విడిపోయే పేపర్ ట్యాంక్‌కి ఎంత మంచిదో, తడి ఒంటికి అంత చిరాకు, చిన్న చిన్న ఉండలై అంటుకుంటుంది. ఒక్క ప్లై మేము మానేసింది అందుకే. రెండు ప్లైల రీసైకిల్డ్ రకాన్ని రుద్దకుండా అద్దితే సరిపోతోంది. బిడే బిగించాక పేపర్ ఖర్చు సగానికి పైగా తగ్గింది, ట్యాంక్ గురించి టెన్షన్ కూడా.

రీసైకిల్డ్ అన్నా కొంచెం చూసి కొనాలి. కాగితం మళ్లీ మళ్లీ గుజ్జు చేసేకొద్దీ పీచు పొట్టిదవుతుంది. అందుకే ఆ పేపర్ కాస్త గరుకు, దుమ్ము రాలుతుంది, నీళ్లలో మాత్రం తొందరగా విడిపోతుంది. ప్యాకెట్ మీద 100 శాతం రీసైకిల్డ్ అని ఉన్నా, అందులో జనం వాడి పారేసిన కాగితం ఎంత, ఫ్యాక్టరీలోనే మిగిలిన కత్తిరింపులు ఎంత అన్నది వేరే అంకెగా రాస్తారు, పోస్ట్ కన్స్యూమర్ అన్న మాట పక్కన చూడండి. అయితే రీసైకిల్డ్ కిచెన్ రోల్ కొంటే ట్యాంక్‌లో వేయొచ్చనుకోకండి. రీసైకిల్డ్ అయినా అందులోనూ రెసిన్ ఉంటుంది, మా సీసాలో అది మామూలు కిచెన్ రోల్ లాగే ముక్క చెక్కుచెదరకుండా ఉంది. ఫేషియల్ టిష్యూ కూడా అంతే. లోషన్ పూసిన టిష్యూలైతే ఇంకా వద్దు. వీటికోసం ప్రతి బాత్రూంలో మూత ఉన్న చిన్న డబ్బా పెట్టాం, చుట్టాలొచ్చే ముందు అదనపు రోల్స్ కంటికి కనిపించే చోట పెట్టడం కూడా అలవాటైంది.

మా అత్తగారింట్లో, తెనాలి దగ్గర, చెంబుతో నీళ్లు పోసే నేల దొడ్డి ఉంది. ఇక్కడి కమోడ్ ఒక్క ఫ్లష్‌కి 6 లీటర్లు వదిలితే అక్కడ చెంబుతో పోసేది రెండు లీటర్లు కూడా ఉండదు, ఆ కొద్ది నీళ్లకి ఎంత మంచి టాయిలెట్ పేపరైనా వంపు దాటి వెళ్లదు. పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు రీసైకిల్డా, ఎన్ని ప్లైలా అన్న చర్చ లేదు, ఏ పేపరైనా డబ్బాలోకే.