తిరుపతి లాడ్జీల్లో వైఫై కూపన్ కొనే ముందు ఆగండి: కనెక్ట్ అయినట్టు చూపించి లాగిన్ పేజీ రాకపోతే తప్పు ఎక్కడుందో ఇలా తేల్చుకోండి

తిరుపతి బస్టాండు చుట్టుపక్కల లాడ్జీల్లో రూము తీసుకునేవాళ్లందరికీ చెప్తున్నా. రిసెప్షన్లో వైఫై కూపన్ అనగానే డబ్బు తీయొద్దు. నిన్న రాత్రి ఒక లాడ్జిలో 150 రూపాయలు ఇలాగే పోయాయి. 24 గంటల కూపన్, ఒక్క డివైజ్‌కి. లాప్‌టాప్‌లో వైఫై కనెక్ట్ అయింది గానీ కోడ్ కొట్టాల్సిన పేజీ ఎంతసేపటికీ రాలేదు. కిందికి దిగి రిసెప్షన్లో ఉన్న మనిషిని అడిగితే "అందరికీ వస్తాండాది సార్, మీ లాప్‌టాప్‌లోనే ఏందో ఉండాది" అన్నాడు.

అరగంట తర్వాత మళ్లీ దిగేసరికి అదే మనిషి పక్కనున్న కుర్రాడితో "రౌటర్ నిండిపొయ్యిందిరా, పొద్దున రూములు ఖాళీ అయితే గానీ ఎవరికీ రాదు" అంటున్నాడు. అంటే ముందే తెలుసు. తెలిసి కూడా, ఆ మాట అన్న నోటితోనే కౌంటర్ దగ్గర నిలబడ్డ ఇంకో కుటుంబానికి కూపన్ చింపి ఇచ్చాడు. డబ్బు వాపసు అడిగితే "చింపినాక రిటర్న్ లేదు సామీ" అని తల కూడా ఎత్తలేదు. పైగా ఆ 24 గంటలు లాగిన్ అయినప్పటి నుంచి కాదు, చీటీ ప్రింటయిన నిమిషం నుంచే లెక్కంట. డబ్బు ఇచ్చే ముందు, రౌటర్ మన డివైజ్‌కి ఇచ్చే నంబర్, అదే ఐపీ అడ్రస్, ఒక్కసారి చూసుంటే అక్కడికక్కడే తెలిసిపోయేది. అది చూడకపోవడం నా తప్పే.

ఐపీ గురించి ముందు చెప్తా. వైఫై కనెక్ట్ అయిందంటే రేడియో సిగ్నల్ కలిసిందని మాత్రమే అర్థం. ఆ తర్వాత రౌటర్ మీ డివైజ్‌కి ఒక ఐపీ అడ్రస్ ఇవ్వాలి. అది వచ్చాకే ఫోనైనా లాప్‌టాపైనా ఇంటర్నెట్ ఉందా అని ఒక చిన్న పేజీని అడిగి చూస్తుంది. దాన్ని లాడ్జి రౌటర్ మధ్యలో పట్టుకుని, అడిగిన పేజీకి బదులు తన లాగిన్ పేజీ చూపిస్తుంది. ఐపీయే రాకపోతే ఈ కథంతా మొదలే కాదు. మీరు ఎన్నిసార్లు వైఫై ఆపి మళ్లీ వేసినా పేజీ రాదు.

విండోస్ లాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇది కొట్టండి:

```
ipconfig
```

Wireless LAN adapter Wi-Fi అన్న చోట IPv4 అడ్రస్ 192.168 తోనో, 10 తోనో, 172 తోనో మొదలై, కింద Default Gateway దగ్గర, అంటే రౌటర్ సొంత అడ్రస్ ఉండే చోట కూడా ఒక నంబర్ ఉంటే రౌటర్ తన పని తాను చేసినట్టే. అడ్రస్ 169.254 తో మొదలై గేట్‌వే ఖాళీగా ఉంటే మాత్రం రౌటర్ నుంచి జవాబు రాలేదని, లాప్‌టాప్ తనకు తానే ఒక ఉత్తుత్తి అడ్రస్ పెట్టుకుందని అర్థం. నిన్న కనిపించింది ఇదే. ఐఫోన్‌లో వైఫై పేరు పక్కన ఉన్న i గుర్తు నొక్కితే ఇదే నంబర్ కనిపిస్తుంది. ఆండ్రాయిడ్ అయితే సాధారణంగా కనెక్ట్ అయినట్టు కూడా చూపించదు, "Obtaining IP address" దగ్గరే తిరిగి తిరిగి ఆగిపోతుంది. ఒకే రూములో రెండు మూడు డివైజ్‌లకి ఇలాగే ఉంటే ఇక మీ వైపు వెతకక్కర్లేదు. ఒక్కదానికే అయితే ఆ నెట్‌వర్క్‌ని Forget చేసి మళ్లీ కలపండి, ఎప్పుడైనా చేత్తో పెట్టుకున్న ఐపీ ఏదైనా మిగిలిపోయిందేమో చూడండి.

రౌటర్ ఎందుకు నిండుతుందంటే, లెక్క చాలా సులభం. మామూలు రౌటర్‌లో 192.168.1.1 నుంచి 192.168.1.254 దాకా 254 అడ్రస్‌లు, అందులో ఒకటి రౌటర్‌కే పోతుంది. మిగిలిన 253 కూడా చాలాచోట్ల పంచరు, 100 నుంచి 199 వరకు అని పెట్టి వదిలేస్తారు. అంటే 100 మాత్రమే. 40 రూముల లాడ్జిలో రూముకి నలుగురు భక్తులు, మనిషికో ఫోను అంటే 160. ఊరు ఊరంతా నిండే శనివారాలు వేరే చెప్పాలా? పైగా మన దగ్గర రూములు పూటకోసారి చేతులు మారతాయి. దర్శనానికి ముందు నాలుగు గంటలు స్నానానికి దిగి వెళ్లిపోయేవాళ్లు ఎంతమందో. ఇచ్చిన అడ్రస్‌కి 24 గంటల లీజు, అంటే అది ఆ ఫోన్‌కే ఉండే గడువు, పెట్టి ఉంటే, పొద్దున దిగి మధ్యాహ్నానికే కొండెక్కిన మనిషి ఫోన్ పేరు మీద ఆ అడ్రస్ రేపటి దాకా అట్టే ఉంటుంది. అందుకే "రూములు ఖాళీ అయితే వస్తుంది" అన్న మాట కూడా నిజం కాదు. రూము ఖాళీ అయినా లీజు తీరేదాకా అడ్రస్ ఖాళీ కాదు. లీజు గంటకో రెండు గంటలకో తగ్గించి, పంచే అడ్రస్‌లు పెంచితే పోయే సమస్య ఇది. ఒక సెట్టింగ్ మార్చే పనికి బద్ధకించి జనం దగ్గర డబ్బు తీసుకుంటున్నారు, నా కోపం అంతా అక్కడే.

ఇక ఐపీ సరిగ్గానే వచ్చి, గేట్‌వే కూడా ఉండి, పేజీ మాత్రం రావట్లేదంటే అది చాలాసార్లు మన డివైజ్‌లో సర్దుకునే విషయమే. హోటలైనా ఎయిర్‌పోర్ట్ అయినా ఇదే పద్ధతి.

ముందు మొబైల్ డేటా ఆపండి. ఇది చాలామంది వదిలేస్తారు. వైఫైలో నెట్ లేదని తెలియగానే ఆండ్రాయిడ్ ఫోన్ గుట్టుచప్పుడు కాకుండా సిమ్ డేటా మీద నడుస్తుంది. మీరు బ్రౌజర్‌లో ఏం కొట్టినా అది సిమ్ మీదుగా పోతుంది, లాడ్జి రౌటర్‌ని తాకనే తాకదు. డేటా ఆపినా ఓటీపీ ఎస్ఎంఎస్‌గానే వస్తుంది కాబట్టి భయం లేదు. ఏరోప్లేన్ మోడ్ పెడితే మాత్రం ఓటీపీ కూడా రాదు, అది వద్దు.

తర్వాత వీపీఎన్ ఉంటే ఆపండి. లాగిన్ కాకముందు రౌటర్ వీపీఎన్‌ని బయటికి పోనివ్వదు, వీపీఎన్ మిగతా దేన్నీ పోనివ్వదు. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చుంటాయి. డీఎన్ఎస్ అంటే సైటు పేరు అడిగితే దాని ఐపీ అడ్రస్ చెప్పే సర్వర్. ఆండ్రాయిడ్‌లో చూడాల్సిన ఇంకో చోటు Private DNS. యాడ్స్ రాకుండా అక్కడ dns.adguard-dns.com లాంటి పేరు పెట్టుకున్నవాళ్లు చాలామంది ఉంటారు. అలా పేరు రాసి పెడితే ఫోన్ అన్ని సైట్ల అడ్రస్‌లూ ఆ సర్వర్‌నే, 853 పోర్ట్ మీద అడుగుతుంది. లాగిన్ కాకముందు ఆ పోర్ట్ మూసి ఉంటుంది కాబట్టి బ్రౌజర్‌లో ఏ సైటు కొట్టినా దొరకదు. వైఫై పేరు కింద "Private DNS server cannot be accessed" అని కనిపిస్తే అనుమానమే లేదు. సెట్టింగ్స్ పైన సెర్చ్‌లో Private DNS అని కొట్టి, దాన్ని Automatic చేయండి. లాప్‌టాప్‌లో చేత్తో డీఎన్ఎస్ 8.8.8.8 అని పెట్టుకున్నా కొన్నిచోట్ల ఇదే గొడవ, ఆటోమేటిక్‌కి మార్చాలి. లాగిన్ అయ్యాక అన్నీ మళ్లీ ఎప్పట్లా పెట్టుకోవచ్చు.

ఇప్పుడు పేజీని బయటికి లాగడం. బ్రౌజర్ అడ్రస్ బార్‌లో ముందున్న http తో సహా ఇది పూర్తిగా కొట్టండి:

```
http://neverssl.com
```

గూగుల్, యూట్యూబ్, బ్యాంకు సైటు తెరిస్తే లాగిన్ పేజీ రాదు. అవన్నీ https. మధ్యలో ఎవరైనా వేరే పేజీ పెడితే బ్రౌజర్ ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. తాళం లేని మామూలు http పేజీ అడిగితేనే రౌటర్ దాన్ని పట్టుకుని తన పేజీకి మళ్లించగలదు. ఈ సైటు ఉన్నదే అందుకు. లాగిన్ పేజీ వస్తే పని అయిపోయినట్టే. లాగిన్ పేజీకి బదులు ఆ సైటే తెరుచుకుంటే, మీరింకా సిమ్ డేటా మీద ఉన్నారు, లేదా ఇదివరకే లాగిన్ అయి ఉన్నారు. సైటు దొరకలేదని వస్తే డీఎన్ఎస్ దగ్గర చిక్కు, పైన చెప్పినవి మళ్లీ చూడండి. అప్పటికీ రాకపోతే ఇందాక చూసిన గేట్‌వే నంబర్‌ని, ఉదాహరణకి http://192.168.1.1 అని, నేరుగా కొట్టండి. కొన్నిచోట్ల లాగిన్ పేజీ అక్కడే ఉంటుంది. కూపన్ కోడ్ కాకుండా రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగే పేజీ వస్తే అది మనది కాదు, వెనక్కి వచ్చేయండి.

ఆండ్రాయిడ్‌లో ఇదివరకు ఎప్పుడైనా లాగిన్ పేజీ మూలనున్న మూడు చుక్కల్లో "Use this network as is" నొక్కి ఉంటే, ఆ నెట్‌వర్క్‌కి ఫోన్ మళ్లీ లాగిన్ నోటిఫికేషన్ ఇవ్వదు. Forget చేసి మళ్లీ కలిపితేనే అడుగుతుంది. ఐఫోన్‌లో చిన్న లాగిన్ కిటికీ తెల్లగా ఆగిపోతే Cancel నొక్కి, "Use Without Internet" ఎంచుకుని, సఫారీలో పైన చెప్పిన అడ్రస్ కొట్టండి.

ఒక్క డివైజ్ కూపన్ కొన్నవాళ్లు ఇంకొకటి గుర్తుపెట్టుకోండి. రౌటర్ మీ ఫోన్‌ని మ్యాక్ అడ్రస్‌తో, అంటే వైఫైలో ఫోన్ చూపించే గుర్తింపు నంబర్‌తో గుర్తుపడుతుంది. లాగిన్ అయ్యాక ఐఫోన్‌లో Private Wi-Fi Address, ఆండ్రాయిడ్‌లో Randomized MAC మార్చారంటే మీ ఫోనే కొత్త ఫోన్‌లా కనిపిస్తుంది. కోడ్ కొడితే ఇప్పటికే వాడేశారని వస్తుంది. మార్చాలనుకుంటే లాగిన్‌కి ముందే మార్చండి, తర్వాత వేలు పెట్టొద్దు.

లాగిన్ పేజీలో ఫోన్ నంబర్, ఓటీపీ, రూము నంబర్, కూపన్ కోడ్ అడగడం మామూలే. ఆధార్ నంబర్, కార్డు పిన్ అడిగినా, ఏదైనా యాప్ వేసుకోమన్నా మూసేసి, వైఫై పేరు సరిగ్గా ఏంటో కౌంటర్‌లో కనుక్కోండి.

కూపన్ కొనాల్సి వస్తే, డబ్బు ఇవ్వకముందే కౌంటర్ దగ్గరే నిలబడి వైఫైకి కలపండి. ఇలాంటివి సాధారణంగా పాస్‌వర్డ్ లేకుండా కలిసే నెట్‌వర్కులే కాబట్టి అడ్డేమీ ఉండదు. లాగిన్ పేజీ మీ తెర మీద కనిపించాకే కూపన్ చింపమనండి. 24 గంటలు ఎప్పటి నుంచి లెక్కో కూడా అప్పుడే అడగండి.