కలలో దీపం కొండెక్కితే: పంచాంగం తియ్యాలా, పట్టించుకోకూడదా, మళ్ళీ పడుకోవాలా?

మొన్న సంక్రాంతికి అందరం ఊళ్ళో ఉన్నప్పుడు, తెల్లవారుజామున నాలుగున్నరకి మా వదిన లేచి హాల్లో లైటు వేసుకుని కూర్చుంది. దేవుడి గదిలో దీపం కొండెక్కినట్టు కల వచ్చిందట. అన్నయ్య ఆ రాత్రే బస్సులో బయల్దేరాడు. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. ‘దీపం ఆరిపోయింది’ అని పైకి అనడానికే మనకి నోరు రాదు, కొండెక్కింది అంటాం. అలాంటిది కలలోకి వస్తే టెన్షన్ పడకుండా ఎవరుంటారు?

పది నిమిషాల్లో ఇల్లంతా లేచింది. మూడు సలహాలు వచ్చాయి. నాన్న పంచాంగం తీశారు. నేను ‘కలలకేముంది వదినా, వదిలెయ్’ అన్నాను. నానమ్మ మంచం మీంచే ‘రామస్కందం అనుకుని మళ్ళీ పడుకోవే’ అంది. ఈ మూడింట్లో ఏది మేలో అప్పుడు తేలలేదు కానీ, తర్వాత కాస్త చదివి చూస్తే నానమ్మ మాటకే బలం ఎక్కువని అనిపించింది.

ముందు పంచాంగం సంగతి. బల్లిపాటు ఫలితాల పక్కనే స్వప్న ఫలితాలు కూడా వేస్తారు చాలా పంచాంగాల్లో. వెలిగే దీపం శుభం, ఆరిన దీపం అశుభం. పాలు తాగినట్టు వస్తే మంచిది. తామరపువ్వు కనిపిస్తే లక్ష్మి వచ్చినట్టే. ఇవన్నీ ఎవరో కూర్చుని అల్లినవి కావు. మన ఇంట్లో, గుళ్ళో ఏది మంగళమో అదే కలలోనూ మంగళం. దీని వెనక ఒక పాత శ్లోకం కూడా ఉంది: తెల్లనివన్నీ మంచివే, పత్తి, బూడిద, ఎముక, మజ్జిగ తప్ప. నల్లనివన్నీ చెడ్డవే, ఆవు, ఏనుగు, గుర్రం, బ్రాహ్మడు, దేవుడు తప్ప. పాలు శుభమైతే అదే పాల నుంచి వచ్చిన మజ్జిగ ఎందుకు పనికిరాదో నాకు అర్థం కాలేదు. బూడిద, ఎముక ఎందుకు కూడదో మాత్రం ఎవరూ చెప్పక్కర్లేదు, శ్మశానం గుర్తొస్తుంది కాబట్టి.

రామాయణంలో త్రిజట కల కూడా ఈ లెక్కలోనే నడుస్తుంది. రాముడు తెల్లని మాలలతో, తెల్లని బట్టలతో కనిపిస్తాడు. రావణుడేమో గుండు గీయించుకుని, ఒళ్ళంతా నూనెతో, ఎర్రబట్టలతో, గాడిదనెక్కి దక్షిణంగా పోతుంటాడు. భరతుడికి వచ్చిన కలలో దశరథుడు దోసిలితో నూనె తాగుతాడు. కావ్యంలో ఇది బాగా పనిచేస్తుంది, ఎందుకంటే తర్వాత ఏం జరగబోతోందో కవికి ముందే తెలుసు. మన ఇంట్లో ఆ సదుపాయం లేదు.

పంచాంగంతో అసలు చిక్కు ఏమిటంటే, ఒకే కలకి రెండు ఫలితాలు దొరుకుతాయి. చనిపోయినట్టు వస్తే ఆయుష్షు పెరుగుతుందంటారు, పెళ్ళి జరిగినట్టు వస్తే మంచిది కాదంటారు. అంటే ఇక్కడ తిరగేసి చదవాలి. దీపాన్ని మాత్రం తిరగేయకూడదట! ఎక్కడ తిరగేయాలో ఎక్కడ కూడదో చెప్పే సూత్రం లేదు. గృహప్రవేశంలో పాలు పొంగితే చప్పట్లు కొడతాం, అవే పాలు మామూలు రోజు పొయ్యి మీద పొంగిపోతే అమ్మ నొచ్చుకుంటుంది. మరి కలలో పొంగినవి ఏ పాలు?

ఇక గడువు లెక్క. అగ్నిపురాణం ప్రకారం రాత్రి మొదటి జాములో వచ్చిన కల ఏడాదికి, రెండో జాముది 6 నెలలకి, మూడో జాముది 3 నెలలకి, నాలుగో జాముది అర నెలకి, అరుణోదయం వేళ వచ్చింది 10 రోజుల్లో ఫలిస్తుంది. తెల్లవారుజాము కల నిజమవుతుందన్న మాటకి మూలం ఇలాంటి లెక్కలే కావచ్చు. నిజానికి కలలు ఎక్కువగా వచ్చే నిద్ర దశ రాత్రి గడిచేకొద్దీ నిడివి పెరుగుతుంది. అందుకే చివరి జాము కలలు పొడుగ్గా, స్పష్టంగా ఉంటాయి. అందులోంచే నేరుగా మెలకువ వస్తే కల గుర్తుండిపోతుంది. గుర్తున్న కలనే కదా మనం ఫలితంతో జత చేసేది! 10 రోజుల్లో ఏ ఇంట్లోనైనా ఎవరికో ఒకరికి జ్వరమైనా రాకుండా ఉంటుందా?

రెండోది నా సలహా. ఉత్తదే. మాట నిజమే కావచ్చు కానీ నాలుగున్నరకి గుండె దడదడలాడుతున్న మనిషికి ‘వదిలెయ్’ అంటే చేతికి పని దొరకదు. వదిన నా వంక చూసిన చూపు ఇంకా గుర్తుంది.

నానమ్మ చెప్పినదానిలో రెండు పనులున్నాయి. ఒకటి, ‘రామం స్కందం హనూమంతం వైనతేయం వృకోదరం’ అనుకోవడం. రాముడు, కుమారస్వామి, హనుమంతుడు, గరుత్మంతుడు, భీముడు, ఈ ఐదుగురినీ పడుకునేటప్పుడు తలుచుకుంటే చెడ్డ కలలు పోతాయని శ్లోకంలోనే ఉంది. పిల్లలకి పడుకోబెడుతూ నేర్పేది ఇదే. రూపాయి ఖర్చు లేదు, నిమిషం పట్టదు. రెండోది, మళ్ళీ పడుకోవడం. ఇది ఆవిడ తోచి అన్నది కాదు. చరకసంహితలో ఉంది: కల చూశాక మళ్ళీ నిద్రపోకపోతే దాని ఫలం పెద్దది, చెడ్డ కల వచ్చినా తిరిగి పడుకుని మంచి కల చూస్తే ఫలం మంచిదే. మనం చేసేది సరిగ్గా దీనికి తలకిందులు. చెడ్డ కల వస్తే లైటు వేసుకుని కూర్చుంటాం, మంచి కల వస్తే అటు తిరిగి హాయిగా నిద్రపోతాం.

చరకుడు ఇంకో పని కూడా చేశాడు. కలల్ని ఏడు రకాలుగా విడదీసి, చూసింది, విన్నది, అనుభవించింది, కోరుకున్నది, ఊహించుకున్నది, ఈ ఐదింటికీ ఫలం లేదని తేల్చేశాడు. మిగిలినవి రెండే: జరగబోయేది సూచించేది, ఒంట్లో దోషం వల్ల వచ్చేది. పగటి కలలకి, మరీ పొట్టివాటికి, మరీ పొడుగువాటికి కూడా ఫలం లేదు. వదిన కలని ఈ జల్లెడలో వేసి చూడండి. ముందురోజు సాయంత్రం ఆవిడ దీపం పెట్టగానే ఎవరో ఫ్యాన్ వేశారు, దీపం టప్పున పోయింది, అందరి ముందూ అయ్యో అనుకుంది. అంటే చూసిందీ, అనుభవించిందీ. జల్లెడలోంచి జారిపోయింది. శాస్త్రాన్ని నమ్మేవాళ్ళు కూడా ఈ కలకి భయపడక్కర్లేదని శాస్త్రమే చెబుతోంది. పంచాంగంలో ఫలితాల పట్టిక వేసినవాళ్ళు ఈ జల్లెడ కూడా పక్కన వేసి ఉంటే ఎంత బాగుండేది!

ఒక్క విషయంలో మాత్రం నానమ్మ దారి సరిపోదు. అదే పీడకల వారాల తరబడి వస్తున్నా, నిద్రలో లేచి చేతులూ కాళ్ళూ విసురుతున్నా డాక్టరుకి చెప్పాలి. కొన్ని బీపీ మాత్రల వల్ల కూడా కలలు భయంకరంగా వస్తాయి. కొత్త మాత్ర మొదలుపెట్టాక వచ్చిన కలకి శాంతి చేయించి లాభం లేదు.

అన్నయ్య ఆరింటికి ఫోన్ చేశాడు. చార్జింగ్ అయిపోయిందట. ఆ వారంలోనే నానమ్మకి చెరువు నిండా తామరలు పూసినట్టు కల వచ్చింది. రాత్రి రెండింటికి. తెల్లారేదాకా ఆవిడ మళ్ళీ కన్ను మూయలేదు, మమ్మల్నీ పడుకోనివ్వలేదు.