సగంలో తెగిన మెసేజ్: వాట్సాప్, ఎస్సెమ్మెస్ చాలాకాలం వాడాక నా అభిప్రాయం

గుంటూరులో లారీ బుకింగ్ ఆఫీసు మాది. డ్రైవర్లకు ఏ ఊళ్ళో ఏం దించాలో రోజంతా మెసేజులే. వాట్సాప్ వచ్చిన కొత్తల్లోంచీ దాంతోనే పని నడుస్తోంది, సిగ్నల్ సరిగా లేని దారుల్లో ఎస్సెమ్మెస్ వాడతాం. కాబట్టి వాక్యం మధ్యలో తెగిపోయిన మెసేజులు మేం చూసినన్ని ఎక్కువమంది చూసి ఉండరు.

ముందు ఒక అపోహ. వాట్సాప్‌లో సగం వాక్యం వస్తే అందరూ "నెట్ పోయి ఉంటుంది" అంటారు. నెట్ పోతే రాసిన మెసేజ్ సగం వెళ్ళి ఆగదు. మొత్తం మన ఫోన్లోనే ఉండిపోతుంది, పక్కన గడియారం గుర్తు కనబడుతుంది. ఒక టిక్ పడితే సర్వర్‌కు చేరినట్టు, రెండు పడితే అవతలి ఫోన్‌కు చేరినట్టు. సగం వాక్యం వచ్చిందంటే అవతలివాళ్ళ వేలు పొరపాటున సెండ్ మీద పడిందనే అర్థం. ఈ తేడా తెలిస్తే సగం గొడవ తగ్గుతుంది. గడియారం గుర్తు చూసి వెళ్ళలేదనుకుని మళ్ళీ టైప్ చేసేవాళ్ళున్నారు. సిగ్నల్ రాగానే రెండూ వెళ్తాయి. "40 బస్తాలు దించు" అని రెండుసార్లు వస్తే డ్రైవర్ 80 అనుకుంటే తప్పెవరిది?

ఇక వేలు ఎందుకు జారుతుందో చెబుతాను. ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టి తెలుగు పదం ఎంచుకునే కీబోర్డులో ఆ పదాలు కనిపించే వరస మెసేజ్ పెట్టెకు సరిగ్గా కిందే ఉంటుంది. కుడిచివరి పదాన్ని నొక్కబోతే దాని నెత్తిమీదే సెండ్ బటన్. పైగా పెట్టె ఖాళీగా ఉన్నప్పుడు అక్కడే మైకు ఉంటుంది, ఒక్క అక్షరం పడగానే అది సెండ్‌గా మారుతుంది. కంప్యూటర్లో వాట్సాప్ వెబ్ అయితే మరీ సులువు: కొత్త లైనుకని ఎంటర్ కొడితే మెసేజ్ వెళ్ళిపోతుంది. షిఫ్ట్ పట్టుకుని ఎంటర్ కొట్టాలి. ఆండ్రాయిడ్ ఫోన్లో Settings > Chats లోకి వెళ్ళి Enter is send ఆపేస్తే ఆ బాధ ఉండదు. మా ఆఫీసులో ఫోన్లన్నింటిలోనూ ఆపే ఉంచాం.

అసలు సంగతి ఎడిట్ గురించి. 2023లో వాట్సాప్ పంపిన మెసేజ్‌ను పదిహేను నిమిషాల్లోపు మార్చుకునే వీలిచ్చింది. ఇక సగం మెసేజ్ బెడద తీరిందనుకున్నాం. కొన్నాళ్ళు వాడాక నా మాట ఇది: అక్షరదోషానికి ఎడిట్ బ్రహ్మాండం, సగం మెసేజ్‌కు మాత్రం పనికిరాదు.

ఒక లోడు సంగతి చెబుతాను. పశువుల దాణా, వంద బస్తాలు. గిద్దలూరులో 40 దించాలి, మిగతా 60 నంద్యాల షాపుకు. ఆ షాపాయన రాత్రి తాళం వేసుకుని వెళ్తాడు, పొద్దున తెరిచేదాకా దించకూడదు. మా కుర్రాడు కొడుతూ కొడుతూ "గిద్దలూరులో 40 దించి సంతకం తీసుకో అన్నా. మిగతా 60 నంద్యాలలో" అన్నచోట సెండ్ నొక్కేశాడు. తెలుగులో క్రియ చివర వస్తుంది కదా, "దించు", "దించొద్దు" అనే తేడా తేలేది ఆ ఒక్క మాటతోనే. అది లేకపోతే చదివేవాడు తనకు తోచింది కలుపుకుంటాడు. డ్రైవర్‌కు "దించు" అనే తోస్తుంది, అతని పనే అది.

కుర్రాడు నిమిషంలోపే ఎడిట్ చేశాడు, మా తెరమీద కింద Edited అని పడింది. కానీ ఎడిట్ చేస్తే అవతలి ఫోన్ మోగదు, కొత్త నోటిఫికేషన్ రాదు. డ్రైవర్ అప్పటికే మొదటిది చదివేసి, ఫోన్ జేబులో పెట్టుకుని ఘాట్ ఎక్కాడు. గిద్దలూరు దాటాక నల్లమలలో మా వాళ్ళకు చాలాచోట్ల సిగ్నల్ అందదు. నంద్యాల చేరేసరికి రాత్రయింది. సరుకు షాపు అరుగు మీద దించేసి వెళ్ళిపోయాడు. పొద్దున షాపాయన బస్తాలు లోపల వేయించుకోవడానికి ఇంకోసారి హమాలీ కూలి ఇచ్చి, ఆ డబ్బు మా కిరాయిలో కోసుకున్నాడు.

అప్పటినుంచి మా పద్ధతి మారింది. సగం మెసేజ్ వెళ్తే దాన్ని ముట్టుకోం. దాన్నే కుడివైపు జరిపి రిప్లైగా కొత్త మెసేజ్ పెడతాం: "పైది సగమే వచ్చింది, అది వదిలెయ్. గిద్దలూరులో 40 దించి సంతకం తీసుకో. నంద్యాలలో రాత్రి దించొద్దు. పొద్దున షాపు తెరిచాక దించు." మిగిలిన ముక్క ఒక్కటే పంపం, మొదటినుంచీ మొత్తం రాస్తాం. కొత్త మెసేజ్ కాబట్టి ఫోన్ మోగుతుంది. కాసేపటికీ నీలం టిక్కులు పడకపోతే ఫోన్ చేస్తాం. అందరికీ డిలీట్ చేయొచ్చు కదా అంటారు, ఆ గడువు రెండు రోజుల పైమాటే. నాకది నచ్చదు. "ఈ మెసేజ్ తీసేశారు" అన్న గుర్తు మిగులుతుంది, ఏం తీసేశారోనని డ్రైవర్ ఇంకో నాలుగు ఫోన్లు చేస్తాడు.

ఇంకో అలవాటు: ముఖ్యమైన మాటను చిన్న వాక్యంగా ముందే రాసేస్తాం. "నంద్యాలలో రాత్రి దించొద్దు" అన్నది మొదటి లైను. ఆ తర్వాత ఎక్కడ తెగినా సరుకుకు దెబ్బ లేదు.

ఇప్పుడు ఎస్సెమ్మెస్. నిజంగా దారిలో తెగేది ఇదే. ఒక ఎస్సెమ్మెస్‌లో పట్టేది 140 బైట్లు. ఇంగ్లిష్ అక్షరాలైతే 160 పడతాయి, తెలుగైతే 70 మాత్రమే. ఆ 70లో గుణింతాలు, ఒత్తులు, సున్నాలు విడివిడిగా లెక్క. "నంద్యాల" మన కంటికి మూడక్షరాలే, ఫోన్ లెక్కలో ఏడు. 70 దాటితే మెసేజ్‌ను ముక్కలు చేసి, ఏది ఎన్నో ముక్కో గుర్తు పెడుతుంది. ఆ గుర్తుకు కొంత చోటు పోయి ముక్కకు 67 మిగులుతాయి. ముక్కలు విడివిడిగా ప్రయాణం చేస్తాయి, అవతలి ఫోన్ వాటిని అతుకుతుంది. ఘాట్‌లో ఒకటి ఆలస్యమైతే కొన్ని ఫోన్లు అన్నీ వచ్చేదాకా ఆగుతాయి, కొన్ని వచ్చినంతే చూపించేస్తాయి. వాక్యం పదం మధ్యలో, ఒక్కోసారి ఒత్తు దగ్గరే తెగి కనిపిస్తే ముక్క రాలేదని పోల్చుకోవచ్చు. అందుకే ఘాట్ దారి డ్రైవర్లకు ఒక్క ముక్కలో సరిపోయేలా రాస్తాం. "నంద్యాలలో రాత్రి దించొద్దు. పొద్దున ఫోన్ చెయ్." ఇది హాయిగా పడుతుంది. పలకరింపులు, థాంక్యూలు ఎస్సెమ్మెస్‌లో పెట్టం.

అవతలివైపు నుంచి సగం మెసేజ్ వచ్చినప్పుడు "ఏంటన్నా?" అని అడిగితే ఉపయోగం లేదు. తన ఫోన్లో మెసేజ్ నిండుగానే ఉంటే అతనికి ఏం చెప్పాలో తెలియదు, అదే మళ్ళీ పంపుతాడు. ఒకసారి "అన్నా టార్పాలిన్ చినిగి కింది వరస" అని వచ్చి ఆగింది. "కింది వరస అన్నదాకా వచ్చింది. తడిసిందా? ఎన్ని బస్తాలు?" అని పెట్టాను. సిగ్నల్ తగలగానే "తడిసింది, ఆరు" అని రెండు మాటల్లో జవాబు. ఎక్కడిదాకా వచ్చిందో చెప్పి, ఒక్క మాటలో జవాబు వచ్చేలా అడిగితే డ్రైవర్ బండి పక్కన ఆపి పెద్ద మెసేజ్ రాయనక్కర్లేదు.

మార్కులు వేయమంటే సిగ్నల్ ఉన్న దారికి వాట్సాప్‌కు ఐదుకు నాలుగు. ఎడిట్ చేసినప్పుడు అవతలి ఫోన్‌ను మళ్ళీ మోగించాలా అని మనల్ని అడిగి ఉంటే ఆ ఒక్కటీ కోసేవాణ్ణి కాదు. తెలుగు ఎస్సెమ్మెస్‌కు ఒక ముక్కైతే నాలుగు, మూడు ముక్కలైతే రెండు.