స్లీవ్ చేయించుకుని నాలుగున్నరేళ్లు: ఆకలి పోవడం బాగుంది, వాంతులని లైట్ తీసుకోవడమే నా కొంప ముంచింది

2021 ఫిబ్రవరిలో హైదరాబాద్ లో బరువు తగ్గడానికి చేసే స్లీవ్ ఆపరేషన్ చేయించుకున్నాను, అప్పుడు నా బరువు 124 కిలోలు, ఎత్తు 170 సెంటీమీటర్లు, బీఎంఐ దాదాపు 43. షుగర్ ఉంది, మూడు నెలల షుగర్ సగటు చూపే హెచ్‌బీఏ1సీ తొమ్మిది దాటింది, రాత్రి గురకకి మా ఆవిడ పక్క గదిలోకి మారిపోయింది. గుంటూరు మిర్చి యార్డులో లెక్కలు రాసే ఉద్యోగం, పొద్దున ఏడింటికి కూర్చుంటే లేచేది భోజనానికే, ఆ భోజనం ఎలా ఉంటుందో మా వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. ఆపరేషన్ ఎలా చేస్తారో వీడియోలు బోలెడున్నాయి, అది వదిలేస్తున్నా. పొట్టలో ముప్పావు వంతు స్టేప్లర్ తో కోసి తీసేసి అరటికాయ లాంటి గొట్టం మిగులుస్తారు, అంతే.

ముందు మంచి చెప్తా. ఆకలి పోయింది. తగ్గడం కాదు, పోయింది. పొట్ట పైభాగంలోనే గ్రెలిన్ అనే ఆకలి హార్మోన్ ఎక్కువగా తయారవుతుందట, స్లీవ్ లో కోసేసేది ఆ భాగాన్నే. నలభై ఏళ్లుగా పదకొండు కొట్టగానే మనసంతా బిర్యానీ మీదకి పోయే మనిషిని, ఒకరోజు సాయంత్రం నాలుగింటికి మా ఆవిడ ఫోన్ చేసి "ఏవండీ, మధ్యాహ్నం తిన్నారా" అంటే గానీ తినలేదన్న సంగతి గుర్తు రాలేదు. ఈ ఒక్క ఫీచర్ కోసమే మొదటి ఏడాది కనపడ్డ ప్రతివాడికీ చేయించుకోమని చెప్పాను. ఇప్పుడు అలా చెప్పను, ఎందుకంటే రెండో ఏడాది చివరికి ఆకలి మెల్లగా తిరిగొచ్చింది, పాత రాక్షసి ఆకలి కాదు గానీ వచ్చింది. అత్యల్పంగా 83 కి దిగాను, ఇప్పుడు 91. షుగర్ మాత్రలు మూడు నెలల్లో అన్నీ ఆపేశారు, పోయినేడు ఒక మెట్‌ఫార్మిన్ మళ్లీ మొదలైంది.

ఇప్పుడు అసలు విషయం.

మొదటి రెండు వారాలు ద్రవాలు, తర్వాత రెండు వారాలు మెత్తగా మిక్సీ పట్టినవి, అన్నీ చక్కగా దిగాయి. ఐదో వారంలో మెత్తటి అన్నం, పప్పు మొదలెట్టాక వాంతులు పట్టుకున్నాయి. నాలుగు ముద్దలు తింటే గుండెల మీద రాయి పెట్టినట్టుండి నోట్లో నురగ ఊరి అంతా బయటికొచ్చేది. ఆపరేషన్ చేయించుకున్న వాళ్ల గ్రూపులో అడిగితే "కామనే అన్నా, తొందరగా తింటున్నావ్, బాగా నమలాలి" అన్నారు. ఆస్పత్రికి ఫోన్ చేస్తే ఎత్తినమ్మాయి కూడా అదే చెప్పింది, కామనండీ, నెమ్మదిగా తినండి అని. ఆ "కామన్" అనే మాట మీద నాకు ఇప్పటికీ కసి ఉంది. నెమ్మదిగా తిన్నాను, ఇడ్లీ సగానికి ఇరవై నిమిషాలు పెట్టాను, అయినా వచ్చేది. ఇంకో వారానికి మజ్జిగ కూడా ఆగలేదు, ఏడో వారానికి మంచినీళ్లు కూడా. విటమిన్ మాత్రలు వేసుకున్న పది నిమిషాలకే సింకులో కనపడుతుంటే ఎందుకులే అని మానేశాను, నేను చేసిన పెద్ద తప్పు అదే.

ఆ మూడు వారాల్లో తొమ్మిది కిలోలు తగ్గాను, యార్డులో అందరూ "భలే తగ్గావయ్యా, ఆపరేషన్ బ్రహ్మాండంగా పనిచేసింది" అంటుంటే పిచ్చివాడిలా నవ్వుతూ తిరిగాను.

ఎనిమిదో వారంలో అరికాళ్లలో చీమలు పాకినట్టు మొదలైంది. రెండు రోజులకి ఇంట్లో మెట్లు దిగుతుంటే ప్రతి మెట్టూ రెండుగా కనపడింది, ఏ మెట్టు మీద కాలెయ్యాలో తెలీక అక్కడే కూర్చుండిపోయాను. తాగినవాడిలా గోడ పట్టుకుని నడుస్తున్నా. అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతున్నానని మా ఆవిడ కంగారు పడి దగ్గర్లో ఉన్న నర్సింగ్ హోమ్ కి తీసుకెళ్లింది (పేరు అనవసరం). తిండి లేక నీరసం అని ఒక గ్లూకోజ్ బాటిల్ ఎక్కించారు, సాయంత్రం ఇంకోటి. లేచి కూర్చుంటానేమో అనుకుంటే రాత్రికి కళ్లు పక్కకి తిప్పడం కూడా కుదర్లేదు, మా ఆవిడ పేరు తప్పు చెప్పానట, నాకైతే ఆ రాత్రి గుర్తే లేదు.

నన్ను కాపాడింది ఆపరేషన్ చేసిన ఆస్పత్రి డైటీషియన్. మా ఆవిడ దగ్గర ఆవిడ నంబర్ ఉంది, రాత్రి పదింటికి చేసింది. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న "ఎన్ని రోజుల నుంచి వాంతులు" అని, రెండోది "బీ1 ఇంజక్షన్ ఇచ్చారా" అని. ఇవ్వలేదనగానే "గ్లూకోజ్ ఆపమనండి, ముందు థయామిన్ ఇవ్వమనండి, నేను డ్యూటీ డాక్టర్ తో మాట్లాడతా" అంది. అరగంటలో నరంలోకి మొదలెట్టారు, 500 మిల్లీగ్రాముల చొప్పున రోజుకి మూడుసార్లు. రెండో రోజు సాయంత్రానికి రెండుగా కనపడేవి ఒకటయ్యాయి.

సంగతేంటంటే, బీ1 అంటే థయామిన్ మన ఒంట్లో పెద్దగా నిల్వ ఉండదు, లోపలికి ఏమీ వెళ్లకపోతే రెండు మూడు వారాల్లో అయిపోతుంది. ఒంట్లోకి వచ్చిన గ్లూకోజ్ ని శక్తిగా మార్చాలంటే ఆ బీ1 కావాలి. ఖాళీగా ఉన్న మనిషికి గ్లూకోజ్ బాటిల్ ఒక్కటే ఎక్కిస్తే మిగిలిన ఆ కాస్త కూడా దానికే ఖర్చయిపోయి మెదడుకి అందదు. కళ్లు, నడక, జ్ఞాపకం, ఈ మూడూ దెబ్బతినేది అందుకే. డాక్టర్లు దీన్ని వెర్నికే అంటారు, మామూలుగా బాగా తాగేవాళ్లలో చూస్తారట, నేను జీవితంలో చుక్క ముట్టలేదు. పాలిష్ బియ్యం తినేవాళ్లకి వచ్చే బెరిబెరి అని చిన్నప్పుడు సైన్స్ పుస్తకంలో చదివాం కదా, అది కూడా ఈ బీ1 లోపమే. తెల్లన్నం తినే ఇంట్లో పుట్టి ఆ అన్నమే దిగక ఈ జబ్బు తెచ్చుకున్నా.

తర్వాత హైదరాబాద్ తీసుకెళ్లి ఎండోస్కోపీ చేస్తే పొట్ట గొట్టం మధ్యలో వంపు దగ్గర ఇరుగ్గా అయిపోయిందని తేలింది. స్లీవ్ లో అప్పుడప్పుడు జరుగుతుందట. బెలూన్ పెట్టి వెడల్పు చేశారు, రెండు సిట్టింగులు పట్టింది, రెండోదాని తర్వాత వాంతులు నిలిచిపోయాయి. అంటే నేను తొందరగా తినడం కాదు, లోపల దారే లేదు. తేడా ఎలా తెలుస్తుందని అప్పుడు డాక్టర్ని అడిగితే సింపుల్ గా చెప్పాడు: ముద్ద ఆగకపోతే తినే పద్ధతి చూసుకో, నీళ్లు కూడా ఆగకపోతే అదే రోజు ఆస్పత్రికి రా. ఈ ముక్క డిశ్చార్జ్ కాగితంలో పెద్దక్షరాలతో ఉండాల్సింది, అందులో ఉన్నది "రోజుకి 60 గ్రాముల ప్రొటీన్" అని.

నడక మామూలవడానికి ఐదు నెలలు పట్టింది. కాలి వేళ్ల చివర్లు ఇప్పటికీ కాస్త మొద్దుగానే ఉన్నాయి, చెప్పు జారిపోయినా ఒక్కోసారి తెలీదు.

ఇది చదివి ఆపరేషన్ దండగని అనుకోవద్దు, నాలా జరగడం అరుదే. వేరేవాళ్లకి మామూలుగా అయ్యేవి నాకూ అయ్యాయి. మూడో నెల నుంచి జుట్టు రాలింది, మళ్లీ వచ్చింది. బీ12, డి3, కాల్షియం జన్మంతా వేసుకోవాలి, ఏడాదికోసారి రక్త పరీక్ష. తింటూ నీళ్లు తాగకూడదు, అరగంట గ్యాప్. పెళ్లిళ్లలో రెండు గరిటెల పులిహోరకే చెయ్యి కడుక్కుంటుంటే చుట్టాలు చూసే చూపుకి కూడా అలవాటు పడాలి. ఇంకోటి నేను మొదట్లో పొగిడినప్పుడు చెప్పలేదు, మూడో ఏడు నుంచి గుండెల్లో మంట వచ్చింది, రాత్రి పడుకుంటే పులుపు గొంతులోకి వస్తుంది, యాసిడ్ తగ్గించే పాంటోప్రజోల్ మాత్ర రోజూ నడుస్తోంది. స్లీవ్ తో ఇది చాలామందికి ఉంటుంది.

అందుకే ఎవరైనా ఏ రకం అని అడిగితే ముందు నీకు గుండెల్లో మంట ఉందా అని అడుగుతున్నా. బాగా ఉంటే స్లీవ్ కన్నా పొట్ట బైపాస్ నయం అంటారు, అందులో పైన గుడ్డంత చిన్న సంచి మిగిల్చి పేగుని దానికి కలుపుతారు, షుగర్ కి కూడా అదే కాస్త బలంగా పనిచేస్తుంది. కాకపోతే విటమిన్లు ఇంకా తక్కువ ఒంటికి పడతాయి, స్వీట్ తింటే చెమటలు పట్టి గుండె దడదడలాడే డంపింగ్ అనేది ఎక్కువ. మినీ బైపాస్ అని ఇంకోటి ఉంది, ఒకటే అతుకు, మన దగ్గర బాగానే చేస్తున్నారు. పొట్ట పైభాగానికి బిగించే బ్యాండ్ వేయించుకున్నవాళ్లు నాకైతే ఎవరూ తగల్లేదు, అది దాదాపు పోయింది.

ఎవరికి చేస్తారన్న దాంట్లో ఒక మెలిక ఉంది. 2022 లో వచ్చిన అంతర్జాతీయ సూచనల ప్రకారం బీఎంఐ 35 దాటితే వేరే జబ్బు లేకపోయినా చేయొచ్చు, 30 నుంచి 35 మధ్య షుగర్ లాంటివి ఉంటే ఆలోచించొచ్చు, మన ఆసియా వాళ్లకి 27.5 నుంచే చూడమంటారు, ఎందుకంటే మనకి తక్కువ బరువుకే షుగర్ వస్తుంది. ఇన్సూరెన్స్ వాడి లెక్క వేరు: 40 ఉండాలి, లేదంటే 35 తో పాటు అదుపులో లేని షుగరో, నిద్రలో ఊపిరాగే తీవ్రమైన స్లీప్ ఆప్నియానో, అలాంటిదేదో ఉండాలి, అంతకు ముందు డైటూ మందులూ వాడి ఫెయిలైనట్టు కాగితాలు కావాలి. డాక్టర్ ఓకే అన్నాడని అడ్వాన్స్ కట్టేయకుండా ముందు పాలసీ చదువుకోండి.

నన్నడిగితే మళ్లీ చేయించుకుంటానా? చేయించుకుంటాననే అనుకుంటున్నా, 124 కిలోల మీద నా షుగర్ ఎటు పోతుండేదో నాకు తెలుసు, మా నాన్న కాలు తీసేయించుకోవడం చూశాను. కానీ నాకు ఇంట్లో రాత్రి పదింటికి ఫోన్ చేసే మనిషి ఉంది, యార్డులో మూడు నెలలు సెలవు ఇచ్చే యజమాని ఉన్నాడు. ఒంటరిగా రూములో ఉండే కుర్రాడికి ఇదే కథ అయితే ఏమయ్యేదో తెలీదు.

మా బావమరిది పోయిన నెల 118 తో హైదరాబాద్ వెళ్లి కన్సల్టేషన్ చేయించుకొచ్చాడు, "బావా, స్లీవే అన్నారు" అని ఫోన్ చేశాడు. వాడు రోజూ జెలుసిల్ తాగే మనిషి. ఎండోస్కోపీ చేశారా అంటే లేదన్నాడు, అది చేయించి, మంట సంగతి చెప్పి, ఇంకో సర్జన్ కి చూపించాక మాట్లాడదామన్నా. నా ఫోన్ కవర్లో వెనకాల ఒక చీటీ ఉంటుంది, మా ఆవిడ రాసి పెట్టింది, "పొట్ట ఆపరేషన్ అయింది, గ్లూకోజ్ పెట్టేముందు బీ1 ఇవ్వండి" అని. వాడికి దాని ఫోటో తీసి పంపాను.