కర్నూలులో షాపు రూము అద్దెకు చూస్తున్నారా? టేపు లేకుండా వెళ్లొద్దు

సి క్యాంపు వైపు షాపు రూము వెతుకుతున్నవాళ్లు కాస్త ఆగి ఇది చదవండి. ప్రకటనలో 400 చదరపు అడుగులు, రోడ్డు వైపు 16 అడుగుల ఫ్రంటేజీ, అద్దె 18 వేలు, అడ్వాన్సు పది నెలలు, 'రోజంతా జనమే జనం' అని పెట్టారు. అంటే అడుగుకు 45 రూపాయలు, బాగానే ఉంది కదా అని ఇరవై వేలు టోకెన్ ఇచ్చి, ర్యాకులు చేసే వడ్రంగిని వెంటబెట్టుకుని వెళ్లాను.

అతను టేపు పెట్టగానే బండారం బయటపడింది. లోపల గోడ నుంచి గోడకు 11 అడుగులు, లోతు 22, అంటే మొత్తం 242. మిగతా 158 ఏదయ్యా అంటే పై అంతస్తు మెట్లు, బయటి వరండా, అందరూ వాడే బాత్రూం, గోడల మందం అన్నీ కలిపి లెక్కేశారట. మనం సరుకు పెట్టుకునేది ఆ 242లోనే, అంటే అద్దె అడుగుకు 74 పైనే పడుతుంది. ఫ్రంటేజీ కూడా అంతే, ఆ 16 అడుగుల్లో మెట్ల దారీ ఓ లావుపాటి పిల్లరూ పోగా షటరు తెరుచుకునేది 9 అడుగులే.

జనం సంగతికొస్తే, బ్రోకరు చూపించింది ఆదివారం సాయంత్రం ఏడింటికి. మంగళవారం పదకొండింటికి వెళ్లి పక్క టీ కొట్టు దగ్గర నిలబడితే బళ్లు జోరుగా పోతున్నాయి కానీ ఆగేవాళ్లే లేరు, ఎందుకంటే ఎదురుగా డివైడరు, దానికి దగ్గర్లో సందు లేదు, అవతలి వైపు జనం మన షాపుకు రావాలంటే చుట్టూ తిరగాలి. బండి పెట్టుకోవడానికి జాగా కూడా లేదు. లెక్కపెట్టాల్సింది పోయేవాళ్లను కాదు, ఆగేవాళ్లను.

అన్నిటికన్నా ప్రమాదం అగ్రిమెంటు. నోటితో మూడేళ్లన్నారు, కాగితం మీద పదకొండు నెలలే. ప్రతి రెన్యువల్‌కూ పది శాతం పెంపు, అంటే మూడో అగ్రిమెంటుకు వచ్చేసరికి 21,780. మధ్యలో మనం ఖాళీ చేస్తే అడ్వాన్సులో కోత, వాళ్లు ఖాళీ చేయమంటే మన ఇంటీరియర్ ఖర్చు గంగపాలు. మూడేళ్లు నిజంగా కావాలంటే లీజును సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో రిజిస్టర్ చేయించాల్సిందే. ఉత్త స్టాంపు పేపరు మీద మూడేళ్లని రాసుకున్నా కోర్టులో ఆ గడువు నిలవడం కష్టం, నెలనెలా అద్దె కింద చూసి 15 రోజుల నోటీసుతో పొమ్మనే వీలుంటుంది. రిజిస్ట్రేషన్ ఖర్చు ఎవరు పెట్టుకోవాలో కూడా ముందే తేల్చుకోండి, లేకుంటే చివర్లో మన నెత్తినే పడుతుంది.

టోకెన్ ఇచ్చేటప్పుడు రసీదు మీద 'లోపలి కొలత ఇంత లేకపోతే డబ్బు వాపసు' అని రాయించుకోండి అన్నా. ఆ మాట లేదన్న వంకతోనే నా ఇరవై వేలు ఇప్పటికీ ఆపి కూర్చున్నారు.