విచలనాన్ని వర్గం చేయాలా, గుర్తు తీసేస్తే చాలదా?

చిత్తూరు మార్కెట్‌లో రెండు గంపల తోతాపురి కాయలు తూచామనుకోండి. బరువులు గ్రాముల్లో:

మొదటి గంప: 260, 260, 340, 340
రెండో గంప: 220, 300, 300, 380

రెండింటికీ సగటు 300. మరి బరువులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో ఎలా కొలవాలి? సగటు నుంచి ఒక్కో కాయకు ఉన్న తేడానే విచలనం. ఈ తేడాలను అలాగే కూడితే ఏ గంపకైనా సున్నాయే వస్తుంది, ఎందుకంటే మైనస్‌లు ప్లస్‌లను మింగేస్తాయి. దీనికి రెండు మందులున్నాయి.

గుర్తు తీసేయడం (మధ్యమ విచలనం): మొదటి గంపలో 160/4 = 40. రెండో గంపలో 80+0+0+80, అదీ 160/4 = 40. లెక్క సులువే, కానీ కంటికి కనిపించే తేడా లెక్కలో మాయమైంది.

వర్గం చేయడం (ప్రామాణిక విచలనం): మొదటి గంపలో 1600 నాలుగుసార్లు, సగటు 1600, వర్గమూలం 40. రెండో గంపలో 6400+0+0+6400 = 12800; సగటు 3200, వర్గమూలం సుమారు 56.6. తేడా రెట్టింపైతే వర్గం నాలుగింతలవుతుంది, అందుకే దూరపు కాయ దాక్కోలేదు. చివర వర్గమూలం మరిస్తే జవాబు ‘చదరపు గ్రాముల్లో’ ఉంటుంది. పరీక్షల్లో పిల్లలు జారే చోట్లలో ఇదొకటి.

వర్గానికీ ఒక బలహీనత ఉంది. రెండో గంపలో 380ని పొరపాటున 780గా రాస్తే సగటు 400 అవుతుంది. గుర్తు తీసేసిన మొత్తంలో ఆ ఒక్క కాయ వాటా సగం. వర్గాల మొత్తంలో దాదాపు 73 శాతం.

తూకాల మీద నమ్మకం ఉండి, కాయలన్నీ ఒకే సైజులో కావాలనుకునే వ్యాపారికి ప్రామాణిక విచలనం నప్పుతుంది. రాతలో తప్పులుంటాయని అనుమానముంటే మధ్యమ విచలనమే కాస్త నయం.