కాల్చాలా, పేస్టు రాయాలా? దూడ కొమ్ములకు ఏది మేలు

దూడ నెత్తిమీద వెంట్రుకల సుడిలో వేలు పెట్టి అటూ ఇటూ జరిపితే, రెండు మూడు వారాల వయసులో శనగగింజంత గట్టి బుడిపె ఒకటి తగులుతుంది, అదే కొమ్ము మొగ్గ. చర్మంతో పాటు అది కూడా జరుగుతుంది, అంటే ఇంకా పుర్రెకు అతుక్కోలేదన్నమాట. సుమారు రెండు నెలలకు అతుక్కుంటుంది. ఇంకొన్ని నెలలు ఆగితే కొమ్ము లోపల బోలు ఏర్పడి, నుదుటి ఎముకలోని గాలి గదితో కలిసిపోతుంది. అప్పుడు కొమ్ము కోస్తే తలలోకి ఒక రంధ్రం తెరిచినట్టే. రక్తం కారుతుంది, ఈగ వాలితే పురుగులు పడతాయి, చీము ముక్కులోంచి వస్తుంది. కాబట్టి తీయదలిస్తే ఆ బుడిపె జరుగుతున్నప్పుడే తీయాలి. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

ఒంగోలు గిత్తకో ముర్రా గేదెకో కొమ్ములు తీయమని నేను ఎవరికీ చెప్పను. వాటికి కొమ్ము జాతి లక్షణం, మనం వాటిని కట్టేసి పెంచే పద్ధతికి దానితో పెద్ద ఇబ్బందీ లేదు. నేను చెబుతున్నది మాలాగా హెచ్‌ఎఫ్, జెర్సీ సంకర ఆవులను ఒకే షెడ్డులో వదిలి పెంచేవాళ్ల గురించి. మేత తొట్టి దగ్గర తోసుకునేటప్పుడు ఒకదాని కొమ్ము ఇంకోదాని పొదుగులో దిగితే ఆ ఆవు ఒక చన్ను పోగొట్టుకున్నట్టే.

మా దగ్గర వాడుకలో ఉన్నవి రెండు పద్ధతులు. ఒకటి వేడి ఇనుముతో మొగ్గను కాల్చడం. రెండోది కాస్టిక్ పేస్టు రాయడం. మొదటిసారి చూసినవాళ్లంతా పేస్టే మేలంటారు. కాల్చేటప్పుడు పొగ వస్తుంది, వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, మత్తు ఇవ్వకపోతే దూడ అరుస్తూ కాళ్లు తన్నుకుంటుంది. పేస్టు రాస్తే దూడ ఆ నిమిషం ఏమీ అనదు. నేనూ అలాగే అనుకుని మొదటి నాలుగు దూడలకు పేస్టే రాయించాను.

నాలుగో దూడ దగ్గర నా అభిప్రాయం మారింది. పుట్టి నాలుగు రోజులైన పెయ్య. మధ్యాహ్నం రెండింటికి పేస్టు రాశాం. సాయంత్రం పాలు తీసే వేళకు, రోజూ చేసినట్టే, దూడను చేపుకు తల్లి దగ్గర వదిలేశాను. అలవాటు చెయ్యి, ఆలోచించలేదు. దూడ చన్ను పట్టుకుని, చేపు రావడానికి తలతో పొదుగును నాలుగు పోట్లు పొడిచింది. తల్లి దాని నెత్తి నాకింది. పది నిమిషాల్లో ఆవు కాలు విసరడం మొదలుపెట్టింది. పొదుగు మీద ఎర్రటి చారలు. దూడ ఎడమ కన్ను పక్కకు తెల్లటి పేస్టు జారి ఉంది, రెప్ప వాచింది. డాక్టరుకు ఫోన్ చేస్తే, ‘ముందు కన్నూ పొదుగూ నీళ్లతో కడుగుతూనే ఉండమ్మా, నేను వచ్చేదాకా ఆపద్దు’ అన్నారు. కన్ను దక్కింది. పొదుగు మీద చర్మం మాత్రం పొక్కులు కట్టి ఊడింది, మూడు వారాలు ఆ ఆవు చెయ్యి వేయనివ్వలేదు.

తప్పు నాదే. కానీ ఆ తప్పు మన పద్ధతిలోనే పొంచి ఉంది. పుట్టిన రోజే దూడను తల్లి నుంచి వేరుచేసి సీసాతో పాలు పట్టే పెద్ద ఫారాలకు పేస్టు సరిపోతుంది. చేపుకు దూడను వదిలే ఇంటికి అది సరిపోదు. పైగా వాన. షెడ్డు కప్పు కారినా, దూడ వానలోకి వెళ్లినా పేస్టు కరిగి కళ్లలోకి దిగుతుంది. ఆరు గంటలైనా తడవకుండా, ఇంకో దూడ నాకకుండా విడిగా ఉంచాలి.

ఇక నొప్పి సంగతి. వేడి ఇనుము తీసేయగానే కాలడం ఆగిపోతుంది. పేస్టు అలా కాదు. అందులో ఉండేది సోడియం హైడ్రాక్సైడు, కాల్షియం హైడ్రాక్సైడు లాంటి ఘాటైన క్షారం. అది చర్మాన్ని కరిగించుకుంటూ లోపలికి దిగుతుంది, గంటల తరబడి దిగుతూనే ఉంటుంది. అందుకే పేస్టు రాసిన దూడ మొదట్లో నెమ్మదిగా కనిపించి, కాసేపటికి తల విదిలించడం, చెవులు ఆడించడం, వెనక కాలితో నెత్తి గోక్కోవడం, పడుకుని లేచి మళ్లీ పడుకోవడం మొదలుపెడుతుంది. అప్పటికి మనం పొలంలో ఉంటాం, చూడం. కోడెదూడలకు బర్డిజో పటకారుతో విత్తులు నొక్కించేటప్పుడూ ఇదే పొరపాటు జరుగుతుంది. రక్తం రాలేదు కాబట్టి నొప్పి లేదనుకుంటారు. నలిగిన నరం రక్తంతో పని లేకుండానే నొప్పి పెడుతుంది.

పుండు మానడంలోనూ తేడా ఉంది. కాల్చిన చోట పూర్తిగా కొత్త చర్మం రావడానికి రెండు నెలలు పడుతుంది. పేస్టు పుండు అంతకంటే చాలా ఎక్కువ కాలం తీసుకుంటుంది. పైన పొక్కు ఎండితే మానిందనుకుంటాం గానీ, పొక్కు పక్కన వేలితో మెల్లగా తాకితే దూడ తల వెనక్కి లాక్కుంటుంది. దానికి ఇంకా సలుపుతూనే ఉందని అర్థం.

ఇన్ని చెప్పి, ‘అయితే కాల్చడమే మేలు’ అని వదిలేస్తే అబద్ధమవుతుంది. మత్తు లేకుండా కాల్చడం కంటే ఘోరం నేను చూడలేదు. కాల్చడం మేలయ్యేది రెండు ఇంజక్షన్లు కలిసినప్పుడే. ఆ రెండూ రెండు వేరు పనులు చేస్తాయి, ఒకటి వేశాం కదా అని రెండోది మానకూడదు.

పోయిన ఏడాది మా పెయ్యదూడకు ఎలా చేశారో చెబుతాను. వయసు పద్దెనిమిది రోజులు, తూకం ముప్పై ఎనిమిది కిలోలు. ముందుగా డాక్టరు నొప్పి తగ్గించే మెలాక్సికామ్ వేశారు. కిలోకు 0.5 మిల్లీగ్రాముల లెక్కన 19 మిల్లీగ్రాములు. మందు సీసా మీద మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాములని ఉంది కాబట్టి 3.8 మిల్లీలీటర్లు. సీసాను బట్టి బలం మారుతుంది, కాబట్టి లేబుల్ చదవకుండా ‘నాలుగు మిల్లీలు’ అని గుర్తుపెట్టుకోకండి.

తర్వాత నరాన్ని మొద్దుబార్చే లిగ్నోకైన్, 2 శాతం. కంటి బయటి కొనకూ కొమ్ము మొదలుకూ మధ్యలో, కణత మీద ఎముక గట్టు ఒకటి వేలికి తగులుతుంది. కొమ్ముకు వెళ్లే నరం ఆ గట్టు అంచు కింద నుంచే పోతుంది. అక్కడ ఒక్కో వైపు 5 మిల్లీలీటర్లు. సూది రక్తనాళంలో దిగలేదని పిస్టన్ వెనక్కి లాగి చూసి మరీ వేశారు. తర్వాత అందరం చేతులు కట్టుకుని పది నిమిషాలు ఆగాం. చాలాచోట్ల ఎగ్గొట్టేది ఈ పది నిమిషాలే. మందు పడింది గానీ నరం ఇంకా మొద్దుబారలేదు, అప్పుడే ఇనుము పెట్టేస్తారు. దూడ ఎగిరితే ‘ఈ మందు పనిచేయదు’ అంటారు. డాక్టరు మొగ్గ చుట్టూ సూదితో నాలుగు చోట్ల గుచ్చి చూశారు. కుడివైపు దూడ కదల్లేదు. ఎడమవైపు తల లాక్కుంది. ఆ వైపు ఇంకొంచెం మందు వేసి, మళ్లీ ఆగి, మళ్లీ గుచ్చి చూశాకే ఇనుము తీశారు.

ఎలక్ట్రిక్ ఇనుము కొన గుండ్రంగా, మధ్యలో గుంటతో ఉంటుంది. మొగ్గ ఆ గుంటలో కూర్చుంటుంది. ముందుగా దాన్ని ఒక చెక్కముక్క మీద ఒత్తి చూశారు, ఒక్క క్షణంలో నల్లటి ఉంగరం పడింది. వేడి చాలని ఇనుమైతే చాలాసేపు అదిమిపెట్టాల్సి వస్తుంది, ఆ వేడి పుర్రెలోకి పోతుంది. పొయ్యిలో కాల్చిన గొట్టంతో చేసేవాళ్లకు ఈ చిక్కు ఎక్కువ, రెండో కొమ్ముకు వచ్చేసరికి అది చల్లారిపోతుంది. వెంట్రుకలు కత్తిరించి స్పిరిట్‌తో తుడిస్తే, అది పూర్తిగా ఆరాకే ఇనుము దగ్గరికి తేవాలి. తడిగా ఉంటే భగ్గుమంటుంది.

ఇనుమును గట్టిగా అదమకుండా, మణికట్టుతో తిప్పుతూ పది పదిహేను సెకన్లు. మొగ్గ చుట్టూ రాగి రంగులో పూర్తి ఉంగరం కనిపించింది. ఆ ఉంగరమే అసలు పని, ఎందుకంటే కొమ్మును పెంచేది మొగ్గ నడిబొడ్డు కాదు, దాని మొదట్లో చుట్టూ ఉన్న చర్మం. నడిమధ్యలో ఎంత నల్లగా కాల్చినా, అంచున ఒక చోట పచ్చిగా మిగిలితే ఏడాదికి అక్కణ్ణుంచి వంకర కొమ్ము ముక్క పుట్టుకొస్తుంది, కొన్నిసార్లు తిరిగి కంటివైపే పెరుగుతుంది. ఇదంతా అయ్యేలోపు దూడ ఒక్కసారి అరవలేదు. వదలగానే వెళ్లి పాలు తాగింది.

లిగ్నోకైన్ పట్టు గంటన్నర, రెండు గంటలు. అది దిగిపోయాక అసలు నొప్పి మొదలవ్వాలి, అప్పుడు పనిచేసేది మెలాక్సికామ్. ఇది పశువు ఒంట్లో ఒక రోజుకు పైగా నిలుస్తుంది. ఆ సాయంత్రం నేను దూడ దగ్గరే కూర్చుని చూశాను. అప్పుడప్పుడు చెవి ఆడించింది తప్ప నెత్తి గోక్కోలేదు. ఆ వారమంతా ఈగలు రాకుండా చూసుకున్నాం. గడ్డి నెత్తిన పడకుండా మేత కింద పెట్టాం. చీము వాసన గానీ, మెతకగా వాపు గానీ కనిపిస్తే డాక్టరుకు చెప్పాలి.

నొప్పి మందు ఏదైతేనేం అనుకోకండి. డైక్లోఫెనాక్‌ను పశువులకు వాడకుండా మన దేశంలో 2006లోనే ఆపేశారు, కీటోప్రొఫెన్, అసెక్లోఫెనాక్‌లను 2023లో నిషేధించారు. ఆ మందు ఒంట్లో ఉన్న పశువు చచ్చిపోతే, కళేబరం తిన్న రాబందుల మూత్రపిండాలు చెడిపోయి చనిపోతాయి. మెలాక్సికామ్‌తో ఆ ప్రమాదం లేదు. పాత సీసా ఇంట్లో ఉంది కదా అని ఎవరైనా తీస్తే పక్కన పెట్టించండి.

పేస్టును నేను పూర్తిగా కొట్టిపారేయను. కరెంటు ఇనుము దొరకని ఊళ్లో, ఎండాకాలంలో, దూడను తల్లి నుంచి విడిగా ఉంచి పాలు పట్టగలిగితే, పుట్టిన మొదటి వారంలోపు అది పనికొస్తుంది. వెంట్రుకలు కత్తిరించి, చుట్టూ వాజ్‌లైన్ గట్టు కట్టి, చేతికి గ్లవుజులు వేసుకుని, రూపాయి బిళ్లంత చోట పల్చగా రాస్తే చాలు. మందంగా రాసిన కొద్దీ పుండు లోతవుతుంది. దానికీ నరం దగ్గర లిగ్నోకైన్, మెలాక్సికామ్ రెండూ వేయించాలి, ‘పేస్టుకు ఇంజక్షన్ ఎందుకు’ అనే మాట వినద్దు.

ఒక్క హెచ్చరిక. దూడకు చేసిన లెక్కలో మేకపిల్లకు చేయకండి. దాని పుర్రె చాలా పల్చన, దూడకు పట్టినంతసేపు ఇనుము పెడితే మెదడుకే దెబ్బ తగులుతుంది. లిగ్నోకైన్ కూడా చిన్న ఒంటికి త్వరగా ఎక్కువై వణుకు, ఫిట్స్ వస్తాయి. మా పక్కింటి అక్క రెండు మేకపిల్లలను పట్టుకొచ్చి ‘వీటికీ ఆ ఇనుము పెట్టించమ్మీ’ అంటే, డాక్టరు ఇనుము తీగ పీకేసి, ‘వీటికి కొమ్ములు ఉండనీ’ అన్నారు. ఇప్పుడవి రెండూ కొమ్ములతోనే మా కంచె దగ్గర మేస్తున్నాయి.